ఫొటోలో చూస్తే అంటుకోదు

రాజోలు బస్టాండు వెనక సందులో కంటిపరీక్షల గది నడిపే సూర్యావతికి ఒక పాడు అలవాటు ఉండేది. ఎదటి మనిషి మాట్లాడుతుంటే నోటిని చూడదు, కళ్ళల్లోకి చూస్తుంది. చూడడమంటే మామూలుగా కాదు, మొహం మీద పడిపోయి మరీ చూస్తుంది. కూరలమ్మే ఆమె "ఏంటమ్మా, తినేసేలా చూత్తావు" అని తట్ట నెత్తికెత్తుకుని పోయేది. కండక్టరు చిల్లర ఇస్తుంటే "మీ ఎడం కంట్లో కండ పెరుగుతోందండి, ఎండలో నల్లద్దాలు పెట్టుకోండి" అనేది. ఆయన అద్దాల సంగతి వదిలేసి మర్నాటి నుంచి ఆవిడకి వెనకవైపు నుంచే చెయ్యి చాపి టిక్కెట్టు ఇచ్చేవాడు.

నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. ఆవిడ నోరూ మంచిది కాదు, ఊరూ ఆవిడకి మంచిది కాలేదు. పెళ్ళయిన రెండో ఏడు మొగుడు మస్కట్ వెళ్ళాడు. మొదట్లో ఉత్తరాలు రాశాడు, తరవాత మానేశాడు. ఈవిడా మానేసింది. పుట్టింట్లో తల్లి వీరాయమ్మ, తమ్ముడు సూరిబాబు ఉండేవారు. వాళ్ళతోనే ఉండిపోయింది.

ఆ అలవాటు ఎక్కడ అంటుకుందో చెబుతాను వినండి. పంతొమ్మిది వందల తొంభై మూడు వానల్లో కోనసీమ మొత్తానికి కళ్ళకలక వచ్చింది. కళ్ళకలక వచ్చినవాడి కళ్ళల్లోకి చూస్తే చాలు, మనకీ వస్తుందని అప్పుడూ అనేవారు, ఇప్పుడూ అంటారు. అంటుకునేది చూపుతో కాదు, చేతులతో, తువ్వాళ్ళతో, తలగడ గలేబులతో. ఆ మాట ఎవరు వింటారు? వీరాయమ్మ కుడికన్ను ఎర్రబడేసరికి ఇంటిల్లిపాదీ మొహం తిప్పుకున్నారు. పంతొమ్మిదేళ్ళ సూర్యావతి కూడా తిప్పుకుంది. అన్నం కంచం గడప దగ్గర పెట్టి, గోడకేసి చూస్తూ "తినమ్మా" అనేది.

"అర్ధతల పగిలిపోతందే. దీపం చుట్టూ రంగుల సున్నాలు కనపడతన్నాయే" అని తల్లి అరిచేది. డోక్కునేది కూడాను. పైత్యమన్నారు. నందివర్ధనం పూల రసం పిండి పోశారు. అయిదో రోజున కాకినాడ పెద్దాసుపత్రికి మోసుకెళ్తే, అక్కడి ముసలి డాక్టరు వేలితో రెప్ప మీద మెల్లగా నొక్కి చూసి, వార్డంతా దద్దరిల్లేలా కేకలేశాడు.

"ఇది కళ్ళకలకని ఏ వెధవ చెప్పాడు? నీటికాసులిది! గుడ్డు గోలీకాయలా గట్టిపడిపోయింది. నల్లగుడ్డు మీద పొగ పట్టింది. కంటిపాప ఇంత పెద్దదై కొయ్యబారిపోయింది. లోపల ఒత్తిడి పెరిగి నరం చచ్చింది. అయిదు రోజులు! ఇంట్లో ఇంతమంది ఉన్నారే, ఒక్కరైనా ఈ కంట్లోకి చూశారా?"

ఎవరూ చూడలేదు. కుడికన్ను పోయింది. ఎడమకంటికీ అదే గతి పట్టకుండా లోపల చిన్న కంత పెట్టి కాపాడారు. ఆ రోజు ఆసుపత్రి మెట్ల మీద సూర్యావతి తన చెంపలు తనే వాయించుకుంది. పక్కనున్నవాళ్ళు చేతులు పట్టుకోవలసి వచ్చింది. అప్పట్నుంచి ఎర్ర కన్ను కనపడితే చాలు, మొహం మీద పడిపోయేది. రాజమండ్రిలో ఒక ట్రస్టు ఆసుపత్రివాళ్ళు పల్లెటూరి ఆడవాళ్ళకి కంటిపరీక్షలు నేర్పుతున్నారని తెలిసి, ముప్పై ఏళ్ళ వయసులో వెళ్ళి, తనకన్నా పదేళ్ళు చిన్నవాళ్ళ పక్కన బెంచీ మీద కూర్చుని నేర్చుకుంది. రెండువేల అయిదులో రాజోలు గది ఇచ్చారు. గోడమీద అక్షరాల చార్టు, గడ్డం ఆనించి కన్ను పెద్దదిగా చూసే మెషీను, దానికి తగిలించిన కెమెరా, ఒక కంప్యూటరు. ఫొటో తీసి పంపితే రాజమండ్రిలో డాక్టరు చూసి ఫోనులో చెప్పేవాడు.

ఇక కొట్లాట సంగతి.

సూరిబాబు కొబ్బరికాయలు ఒలిచే షెడ్డులో పనిచేసేవాడు. భూమిలో పాతిన గునపం మీద కాయ గుచ్చి, మూడు తిప్పుల్లో పీచు ఊడదీసే పని. చేతుల్లో ఎంత బలం ఉంటుందో, నెత్తికి అంత వేడి ఎక్కే పని. ఆ షెడ్డులో మేస్త్రీ బుల్లిరాజు. నోరు తెరిస్తే బూతు, లేకపోతే ఎగతాళి. రెండువేల ఏడు జూన్‌లో ఒక తెల్లవారుజామున ఇంకా ఎవరూ రాకముందు వీళ్ళిద్దరే షెడ్డులో ఉన్నారు. సూరిబాబు ఒలిచిన కాయ ఒకటి గునపానికి తగిలి పగిలింది. బుల్లిరాజు ఆ కాయ చేతిలోకి తీసుకుని, కొనమీదున్న మూడు గుంటలూ చూపించి నవ్వాడు.

"కాయకైనా మూడు కళ్ళున్నాయిరా. మీ అమ్మకి ఒకటే. దాని కడుపున పుట్టినోడివి, నీకు గునపం ఎక్కడ కనపడుద్ది?"

అంతే. సూరిబాబు ఆ పగిలిన కాయనే లాక్కుని, వాడి అంచున్న చిప్పతో మొహం మీద కొట్టాడు. ఒకసారి కాదు, మూడుసార్లు. మొదటిది కనుబొమ మీద, రెండోది బుగ్గ మీద, మూడోది సూటిగా కుడికంట్లో పడింది. బుల్లిరాజు పీచుకుప్ప మీద పడి, రెండు చేతులతో మొహం పట్టుకుని గొడ్డులా అరిచాడు. వేళ్ళ సందుల్లోంచి కారింది నెత్తురొకటే కాదు. సూరిబాబు చిప్ప అక్కడే పారేసి, ఇంటికొచ్చి, కాళ్ళు కడుక్కుని, చద్దన్నం పెట్టమన్నాడు. పోలీసులు వచ్చేసరికి తింటున్నాడు.

హత్యాయత్నం కేసు పెట్టారు. మూడు వారాల్లో బెయిలొచ్చింది. ఇంతకీ కళ్ళారా చూసిన సాక్షి ఒక్కడే, ఆ కన్ను పోయినవాడే.

కాకినాడలో కన్ను కుట్టారు గాని, చూపు లేదు. పదోరోజున డాక్టర్లు బుల్లిరాజు అన్న ధర్మరాజును పిలిచి చెప్పారు. "ఈ కన్ను ఇక పనికిరాదు. లోపలి పొర చిరిగి బయటికొచ్చింది. ఇలా ఉంచితే, అరుదుగానే గాని, ఒక్కోసారి మంచి కంటికి ఎసరు పెడుతుంది. రెండు వారాలు దాటకుండా తీసేద్దాం" అని.

ధర్మరాజు ఎగిరి పడ్డాడు. ప్లీడరు దగ్గర గుమాస్తా ఒకడు "సాక్ష్యాలు భద్రంగా ఉంచుకోవాలండి" అని అంతకుముందే చెప్పాడట. చిప్ప పోలీసుల దగ్గర సీలులో ఉంది, కన్ను తమ్ముడి మొహం మీద ఉంది, ధర్మరాజు లెక్కకి రెండూ సాక్ష్యాలే. "కన్ను తీసేత్తే కోర్టులో ఏం చూపిత్తామండి? ఆడు మూడు కళ్ళున్న కాయతో కొట్టేడని గాల్లో చెప్పమంటారా?" అని తమ్ముణ్ణి మంచం మీంచి లేపి ఇంటికి తీసుకొచ్చేశాడు. చచ్చిన కన్నుని కోర్టు కోసం దాచుకున్న మొనగాళ్ళు మా కోనసీమలోనే ఉంటారు!

ఆగస్టు వచ్చింది. వానలతోపాటు కళ్ళకలకా వచ్చింది. బుల్లిరాజు కొడుక్కి వచ్చింది, భార్య విజయకి వచ్చింది, ఆ తరవాత బుల్లిరాజు ఎడంకన్ను ఎర్రబడింది. ఇంట్లో అందరికీ ఉన్నదే కదా అనుకున్నారు. మందులషాపులో చుక్కలమందు తెచ్చి వేశారు. అయిదు రోజులైంది. కొడుక్కి తగ్గింది. విజయకి తగ్గింది. బుల్లిరాజుకి తగ్గలేదు సరికదా, కిటికీ తీస్తే "ముయ్యండెహే" అని చెంబు విసిరేవాడు. కంచంలో ముల్లు కనపడక చేప తినడం మానేశాడు.

ఈ కబురు ఊళ్ళో తిరిగి తిరిగి సూర్యావతి ఇంటికీ చేరింది. పొద్దున్నే ఆవిడ జడ వేసుకుంటుంటే సూరిబాబు గుమ్మంలో నిలబడ్డాడు.

"అక్కా, బుల్లిరాజుగాడికి రెండోదీ మసకలంట. ఆళ్ళావిడ ఇయ్యాల ఆణ్ణి నీ గదికి లాక్కొత్తాదంట."

"వస్తే చూస్తాను."

"నువ్వు చూడక్కర్లేదు. కళ్ళకలకని చెప్పి చుక్కలేసి పంపెయ్యి. కళ్ళు లేనోడు కోర్టులో ఎవర్ని చూపిత్తాడు? ఆడి సాచ్చెం చెల్లదని మన ప్లీడరు గుమాస్తా చెప్పేడు."

సూర్యావతి దువ్వెన ఆపింది. తల్లి ఏమంటుందోనని వెనక్కి చూసింది. వీరాయమ్మ అరుగు మీద బియ్యం చెరుగుతోంది. చేట ఆపలేదు.

"ఆడు నన్ను ఒంటికన్ను దాన్నన్నాడు" అంది వీరాయమ్మ. "నీ తమ్ముడు నాకోసం కొట్టేడు. కలకని చెప్పడానికి నీకేం పోయిందే? నాకూ అలాగే చెప్పేరు కదా."

 ఎవరి నోట వినకూడదో ఆ నోటే ఆ మాట అంది. సూర్యావతి చెప్పులేసుకుని బయటపడింది.

పదింటికి గది బయట బెంచీ నిండా ఎర్రకళ్ళే. అందరికీ నల్లద్దాలే. ఒకళ్ళనొకళ్ళు చూసుకోకుండా వరసగా వీధికేసి కూర్చున్నారు. ఎదురింటివాళ్ళు తలుపులు వేసుకున్నారు. ఆ వరసలోకి విజయ మొగుణ్ణి చెయ్యి పట్టి నడిపించుకొచ్చింది. వెనక ధర్మరాజు. నల్లద్దాలు, వాటిమీద తువ్వాలు, అందులోంచి మీసం ఒక్కటి కనపడుతోంది.

బుల్లిరాజు గుమ్మం దగ్గరే ఆగిపోయి బూతులు లంకించుకున్నాడు. "ఈ ఇంటి కుక్కే కదే నన్ను కరిచింది! మళ్ళీ ఈళ్ళ దగ్గిరికే తెత్తావా!" విజయ వెనక్కి తగ్గలేదు. "కరిత్తే కరిచింది, మందు ఈవిడ దగ్గరే ఉంది. నడండి!" అని వీపు మీద ఒక్కటిచ్చి లోపలికి తోసింది.

సూర్యావతి ముందు కుట్లు పడ్డ కన్నుని చూసింది. అది ఎండిపోయిన రేగుపండులా ముడుచుకుని ఉంది. కొట్టింది తన తమ్ముడు.  తరవాత రెండో కంట్లోకి చూసింది.

చార్టు చూపిస్తే పైనున్న పెద్ద అక్షరం తప్ప ఏదీ చదవలేదు. పుసి లేదు. పొద్దున రెప్పలు అంటుకోవడం లేదంది విజయ. దురద లేదు. నీళ్ళు కారుతున్నాయి, వెలుతురు సూదిలా గుచ్చుకుంటోంది. మెషీనులో చూస్తే ఎరుపు రెప్పల వైపు లేదు, నల్లగుడ్డు చుట్టూ కంకణంలా ముదురుగా ఉంది. పాప చిన్నదైపోయి, గుండ్రంగా లేకుండా ఒక పక్కకి లాగేసింది. నల్లగుడ్డు లోపలి గోడ మీద నూనెచుక్కల్లాంటి మచ్చలు అంటుకుని ఉన్నాయి. గుడ్డులో ఒత్తిడి కొలిస్తే మామూలుగానే ఉంది. అమ్మకి వచ్చిన నీటికాసులు కాదు. కళ్ళకలక అసలే కాదు. కంటి లోపల మంట. దెబ్బతిన్న కన్ను మంచికన్నుని కూడా తనతో లాక్కుపోతోంది.

మందుల అలమారలో కళ్ళకలక చుక్కల సీసాలు వరసగా ఉన్నాయి. ఒక సీసా అప్పటికే ఆవిడ చేతిలో ఉంది. ఇచ్చేస్తే చాలు. అబద్ధం కూడా చెప్పక్కర్లేదు, ఇంటిల్లిపాదీ అదే అనుకుంటున్నారు. వారం తిరిగేసరికి ఆ చూపు పోతుంది. తమ్ముడు ఇంట్లో ఉంటాడు.  అరనిమిషం అలాగే నిలబడింది. అబద్ధమెందుకు, ఆ అరనిమిషం ఆవిడ ఇద్దామనే అనుకుంది.

"చెప్పండి మేడంగారండీ, కలకే కదండీ?" అంది విజయ, మొగుడి మొహంకేసి చూడకుండా గోడ మీద చార్టుకేసి చూస్తూ. కాకినాడ డాక్టరు కేక చెవుల్లో మోగింది. సూర్యావతి సీసా విసిరికొట్టింది. గోడకి తగిలి ముక్కలైంది.

"అయిదు రోజులు! ఒక్కసారైనా ఈ మనిషి కంట్లోకి చూశావా నువ్వు?"

విజయ బిత్తరపోయింది. "చూత్తే అంటుకుంటదని..."

"ఇది కళ్ళకలక కాదు. దెబ్బతిన్న కంటి నుంచి వచ్చింది. అప్పుడే తీయించేసి ఉంటే ఇది వచ్చేది కాదు. ఇవాళే రాజమండ్రి వెళ్ళాలి, ఇప్పుడే."

ధర్మరాజు తువ్వాలు లాగేశాడు. "ఆ! బయటపడ్డావే! కన్ను తీయించెయ్యాలా? సాచ్చెం మాయం చేత్తావా? నీ తమ్ముడు నేర్పేడా?" అంటూ వచ్చి జుట్టు పట్టుకున్నాడు. ఆవిడ తల అలమారకి కొట్టుకుంది. బల్ల బోర్లాపడింది, చార్టు చిరిగింది. బయట బెంచీ మీదివాళ్ళు లేచారుగాని, లోపలికి ఎవరూ రాలేదు. సూర్యావతి ఊరుకునే మనిషా? చేతికందిన టార్చిలైటుతో మోకాలి మీద ఒక్కటి బాదింది. ధర్మరాజు "అమ్మో" అని కుర్చీలో కూలబడ్డాడు.

"కూర్చున్నావు కదా, అక్కడే కూర్చో! నన్ను నమ్మొద్దు. నా తమ్ముడు నీ తమ్ముణ్ణి కొట్టేడు, నన్నెందుకు నమ్ముతావు? నీ కళ్ళని నువ్వు నమ్ము."

నుదుటి మీంచి నెత్తురు కనుబొమలోకి కారుతోంది. చెంగుతో తుడుచుకుని, బుల్లిరాజు గడ్డం పట్టుకుని మెషీనుకి ఆనించి ఫొటో తీసింది. ఆ ఫొటోని కంప్యూటరు తెర మీద పెట్టింది. పక్కనే అదే పొద్దున తీసిన ఇంకో ఫొటో పెట్టింది. అది కళ్ళకలక వచ్చిన ఒక ఆటోడ్రైవరుది.

ధర్మరాజు చటుక్కున నల్లద్దాల మీద చేతులు కూడా అడ్డం పెట్టుకున్నాడు. "ఫొటోలోంచి అంటుకోదా?"

"నీ మొహం! ఫొటోలో చూస్తే అంటుకోదు. ఎదురుగా చూసినా అంటుకోదు. తీయ్ ఆ చేతులు!"

విజయ మెల్లగా తెర దగ్గరికొచ్చింది. పది రోజులుగా ఇంట్లో ఎవరి కళ్ళూ చూడని మనిషి, రెండు ఫొటోలూ మార్చి మార్చి చూసింది. మొదట ఏమీ తెలియలేదు.

"రెండూ ఎర్రగానే ఉన్నాయి కదండీ."

"ఎరుపు ఎక్కడుందో చూడు."

"ఇందులో తెల్లగుడ్డంతా ఉందండి. రెప్పల కింద ఇంకా ముదరండి. మూలని పుసి ఉందండి." తరవాత వేలు రెండో ఫొటో మీదికి పోయింది. "ఈయన్ది నల్లగుడ్డు చుట్టూనే ఉందండి. అంచున. ఈ నల్లచుక్కేంటండి, గుండ్రంగా లేదు? ఆటో ఆయనది గుండ్రంగా ఉంది."

"అదీ. ఆయన అడుగున ఉన్న చిన్నక్షరాలు కూడా చదివి బండి తోలుకుపోయాడు. మీ ఆయన కంచంలో ముల్లు చూడలేకపోతున్నాడు. ఒట్టి కలకైతే కళ్ళు ఎర్రబడతాయి గాని చూపు పోదు. ఎరుపుతోపాటు చూపు తగ్గినా, నొప్పెట్టినా, వెలుతురు గుచ్చుకున్నా ఒక్కరోజు కూడా ఆగకూడదు."

ఫొటో అప్పటికే రాజమండ్రి చేరింది. ఫోను మోగింది. అక్కడ డాక్టరు జ్ఞానప్రకాశం. సూర్యావతి అందరికీ వినపడేలా పెట్టింది.

"ఆ కంటికి దెబ్బ తగిలి ఎన్నాళ్ళయిందమ్మా?"

"ఎనిమిది వారాలండి. కుట్టేరు. తీయించుకోలేదండి."

 "వెంటనే పంపించు. దెబ్బతిన్న కంటి లోపలి పొర బయటపడేసరికి, దాన్ని శత్రువనుకుని ఒంట్లోని కాపలావాళ్ళు మంచికన్ను మీద కూడా పడతారు. గట్టి మందు రక్తంలోకి ఎక్కించాలి. ఒక్కో రోజూ విలువైందే."

ధర్మరాజు ముందుకు ఒంగాడు. "ఆ పాడైపోయిన కన్ను తీసేత్తారాండి?"

"ఇప్పుడు తీసి పెద్ద లాభం లేదండి. మొదటి రెండు వారాల్లో తీయాల్సింది. ఇప్పుడు మందులే దిక్కు. కావాలంటే ఉంచుకోండి."

 తను కాపాడిన సాక్ష్యమే తమ్ముడి రెండో కన్ను తింటోందని ధర్మరాజుకి ఇప్పుడర్థమైంది. తల బాదుకున్నాడు, పిడికిలితో, ఠపఠపమని. బుల్లిరాజు మాత్రం మొట్టమొదటిసారి బూతు లేకుండా మాట్లాడాడు. "మరి కనపడుద్దాండి?" అని అడిగాడు. సూర్యావతి "వెళ్తేనే తెలుస్తుంది" అంది. బస్టాండు దగ్గరున్న కారు డ్రైవర్ని ఆవిడే కేకేసి పిలిచింది. రావులపాలెం మీదుగా రాజమండ్రికి మాట్లాడి పంపింది.

సాయంత్రం దీపాలు పెట్టే వేళకి ఇంటికెళ్తే తమ్ముడు గడప మీద కూర్చుని ఉన్నాడు. కబురు ముందే అందింది.

"పంపేసేవా?"

"పంపేశాను."

సూరిబాబు లేచి కొట్టాడు. కొబ్బరికాయ ఒలిచే చేతులవి. మొదటి దెబ్బకి గోడకి తగిలింది, రెండోదానికి ఎడంచెయ్యి అడ్డం పెడితే మణికట్టు విరిగింది. పగిలిన గాజుతో ఆవిడ వాడి మెడ మీద గీరింది. వేలెడు పొడవున నెత్తురు చిమ్మింది. వీరాయమ్మ అరుగు మీంచి లేవలేదు. "నా కన్ను పోతే ఏడ్చేవు. నా కొడుకు పోతంటే ఎందుకు ఏడవ్వే?" అని కేకలేసింది. సూర్యావతి విరిగిన చెయ్యి ఒళ్ళో పెట్టుకుని ఏడుస్తూనే ఉంది. తల్లికే కనపడలేదు.

బుల్లిరాజు రెండు నెలలు రాజమండ్రి చుట్టూ తిరిగాడు. మొదట సూదులు, తరవాత ఏడాదిన్నర మాత్రలు, చుక్కలు. మొహం ఉబ్బింది, షుగరొచ్చింది, చూపు మాత్రం నిలబడింది.

రెండువేల తొమ్మిదిలో అమలాపురం కోర్టులో కేసు నడిచింది. సూర్యావతి తల్లి పక్కన కూర్చుంది. బోనులో సూరిబాబు, మొక్కు తీర్చుకుని కొట్టించుకున్న నున్నటి గుండుతో ఉన్నాడు. అవతలి బోనులో బుల్లిరాజు. సూరిబాబు తరపు ప్లీడరు లేచి గొంతు సవరించుకున్నాడు.

"నీకు ఒక కన్ను లేదు, రెండో కంటికి జబ్బు. తెల్లవారుజామున మసక చీకట్లో ఎవరో కొడితే, ముద్దాయే కొట్టాడని ఎలా చెబుతున్నావయ్యా? ఇప్పుడైనా నీకు మనిషి ఆనతాడా?"

"ఆయ్, ఆనతాడండి."

"అయితే ముద్దాయి ఎలా ఉన్నాడో చెప్పు."

బుల్లిరాజు తల తిప్పాడు. ఉన్న ఒక్క కంటితో ఇరవై అడుగుల అవతలికి చూశాడు. చెయ్యెత్తాడు. "ఆడేనండి సూరిబాబు. గుండు కొట్టించుకున్నాడు. మెడ మీద ఎడంపక్క సన్నటి గాటుందండి. అది నన్ను కొట్టిన రోజున లేదండి."

కోర్టు హాలంతా సూరిబాబు మెడకేసి తిరిగింది. సూర్యావతికి ఏడుపొచ్చింది, నవ్వూ వచ్చింది. తన గాజు గీరిన గాటు అది. ఇరవై అడుగుల నుంచి వేలెడు గీత చూశాడు. చార్టులో కింది నుంచి రెండో వరస చదివే చూపు. ఎంత బాగా చూశాడో! తన పని అంత బాగా కుదిరిందని మనసులో ఒక మూల మెరిసింది, ఆ మెరుపుకే తమ్ముడు బలయ్యాడని రెండో మూల మండింది. అయిదేళ్ళు వేశారు.

బయట మెట్ల మీద వీరాయమ్మ కూతురికేసి ఉమ్మింది. "నా కన్నెటూ పోయింది. నా కొడుకునీ నీ చేత్తోనే పంపేవు" అని, అట్నుంచి అటే పలివెలలో తన తమ్ముడింటికి వెళ్ళిపోయింది. పది నెలలు మాటా లేదు, మంతీ లేదు. సూర్యావతి రెండుసార్లు వెళ్తే తలుపు తీయలేదు.

మళ్ళీ వానలొచ్చాయి, మళ్ళీ కళ్ళకలక. ఒకనాడు పదకొండింటికి బస్సు దిగి, గొడుగు పట్టుకుని, నల్లద్దాలతో ఒక ముసలామె గదిలోకొచ్చింది. బెంచీ మీదివాళ్ళు జరిగి మొహాలు తిప్పుకున్నారు. ఆమె ఎవరినీ పలకరించకుండా కుర్చీలో కూర్చుని, గడ్డం తనే మెషీను మీద ఆనించింది.

"చూడు" అంది వీరాయమ్మ. "ఎర్రబడింది. ఉన్నదిదొక్కటే. కలకో, కాదో."

సూర్యావతి అద్దాలు తీసి చూసింది. రెప్పలు తిరగేసి చూసింది. ఒత్తిడి కొలిచింది. చూపు పరీక్షించింది. తల్లికి చదువు రాదు, గుర్తులు చూపిస్తే అన్నీ చెప్పింది. పాప గుండ్రంగా ఉంది. పుసి ఉంది.

"ఒట్టి కళ్ళకలకేనమ్మా. వారంలో పోతుంది."

"మళ్ళీ చూడు."

మళ్ళీ చూసింది. "కళ్ళకలకే."

"ఆ బుల్లిరాజుగాడి కంట్లోకి చూసినట్టే చూసేవా?"

"ఆయ్, అలాగే చూశానమ్మా."

వీరాయమ్మ చెయ్యెత్తి చెంప మీద ఛెళ్ళుమని కొట్టింది. గదంతా వినపడింది. ఆ చేత్తోనే కూతురి మెడ పట్టుకుని మీదికి లాక్కుని, భోరుమని ఏడ్చింది. కన్నీళ్ళు, పుసి అన్నీ కూతురి చెంపకీ కనురెప్పలకీ పూసుకున్నాయి. ఇలా పట్టుకుంటే అంటుకుంటుంది, చూస్తే కాదు, అని అందరికీ చెప్పే మనిషే వదిలించుకోలేదు.

మూడో రోజుకి సూర్యావతి రెండు కళ్ళూ ఎర్రబడ్డాయి. మొట్టమొదటిసారి గదికి తాళం పడింది. పొద్దున్నే వీరాయమ్మ కంచంలో అన్నం కలుపుకొచ్చి, కూతురి ఎదురుగా పీట వేసుకుని కూర్చుంది. గోడకేసి చూడలేదు. గడ్డం పట్టుకుని మొహం పైకెత్తి, ఉన్న ఒక్క కంటితో కూతురి కళ్ళల్లోకి చాలాసేపు చూసింది.

"నీదీ కలకేనే" అని ముద్ద పెట్టింది.